రిఫరల్ కాదు, పదిహేను నిమిషాలు అడగండి

ఈసీఈ చివరి సంవత్సరంలో ఉండి చిప్ డిజైన్ వైపు వెళ్లాలనుకునే విద్యార్థి డిజైన్ వెరిఫికేషన్ నేర్చుకోవాలా, ఫిజికల్ డిజైన్ నేర్చుకోవాలా అన్నది ముందే తేల్చుకోవాల్సి వస్తుంది. శిక్షణ సంస్థలు తాము నేర్పేదానికే గిరాకీ ఉందంటాయి కాబట్టి, ఆ పని రోజూ చేస్తున్నవారిని అడగడమే మేలు. కానీ హైదరాబాద్‌లోని ఇంజనీర్‌కు లింక్డ్‌ఇన్‌లో సందేశం పంపేటప్పుడు చాలామంది రెజ్యుమే జతచేసి, రిఫరల్ ఇవ్వమని అడిగేస్తారు. ముక్కూ ముఖం తెలియని వ్యక్తి కోసం మాట ఇవ్వడానికి ఎవరైనా వెనకాడతారు. అదే తన పని గురించి కాసేపు చెప్పమంటే అంతగా ఇబ్బంది పడరు.

సందేశం ఇలా ఉండవచ్చు: “నమస్కారం మేడమ్. మీరు చదివిన కాలేజీలోనే ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. సిస్టమ్‌వెరిలాగ్‌లో ఒక ఫిఫోకు టెస్ట్‌బెంచ్ రాశాను. వెరిఫికేషన్‌లోనే కొనసాగాలా, ఫిజికల్ డిజైన్‌కు మారాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మీ పని రోజువారీగా ఎలా ఉంటుందో ఫోన్‌లో పదిహేను నిమిషాలు అడగవచ్చా? శని, ఆదివారాల్లో మీకు ఎప్పుడు వీలైనా సరే.” ఇందులో ఆ టెస్ట్‌బెంచ్ మాటే కీలకమని నా అభిప్రాయం, ఎందుకంటే అడిగే వ్యక్తి తన వంతు ప్రయత్నం చేశాకే వచ్చాడని అది చెబుతుంది.

ఫోన్ కలిశాక “రెండింటిలో ఏది మంచిది?” అని అడిగితే “ఆసక్తి ఉన్నది ఎంచుకో” అన్న జవాబే వస్తుంది, దానితో ఏ నిర్ణయమూ జరగదు. “నిన్న మీ సమయం ఎక్కువగా దేనికి పట్టింది?” అని అడిగి చూడండి. వెరిఫికేషన్ ఇంజనీరైతే, రాత్రి నడిచిన రిగ్రెషన్‌లో ఫెయిలైన టెస్టులను తీసుకుని, వేవ్‌ఫామ్ చూస్తూ తప్పు డిజైన్‌లో ఉందా, టెస్ట్‌బెంచ్‌లోనే ఉందా అని వెతకడానికే పట్టిందని చెప్పవచ్చు. ఫిజికల్ డిజైన్‌లో ఉన్నవారు సెల్స్ అమరిక, క్లాక్ ట్రీ, రౌటింగ్ గురించి చెబుతారు; టైమింగ్ కుదరక ఒక చిన్న మార్పు చేసి, టూల్ మళ్లీ గంటల తరబడి నడిచేదాకా ఎదురుచూడటం గురించి చెబుతారు. తన ఓపిక ఏ రకమైనదో విద్యార్థికి అక్కడ తెలుస్తుంది. ఈ టూల్స్ లైసెన్సులు ఖరీదైనవి కాబట్టి, ఉచితంగా దొరికే ఓపెన్‌రోడ్ మీద చేసిన సాధనకు ఇంటర్వ్యూలో విలువ ఉంటుందా అన్నది కూడా అడగదగినదే.

ఏ చిప్ మీద పనిచేస్తున్నారని మాత్రం అడగకూడదు; అది గోప్యతా ఒప్పందం కిందికి వస్తుంది. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారు రంగం ఎటు పోతోందో చెప్పగలరు గానీ, ఫ్రెషర్ల రాతపరీక్షలో ఇప్పుడేం అడుగుతున్నారో రెండు మూడేళ్ల క్రితం చేరినవారికే బాగా గుర్తుంటుంది. అందుకే ఒక్కరి మాటతో నిర్ణయానికి రాకుండా, ఇంకెవరితో మాట్లాడమంటారో చివర్లో అడగాలి.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయాలి. మాట్లాడితే ఆ రోజే కృతజ్ఞతలు రాసి, వారు సూచించినది చేశాక ఫలితం తెలియజేయాలి. రిఫరల్ ప్రస్తావన వస్తే, అప్పుడు వారి నోటి నుంచే రానివ్వాలి.