సవరణ: గీత మధ్యలో పెట్టిన గుర్తు ఒక్కటే చాలదు

ముందటి పోస్టులోని వాక్యం: "గీతకు సరిగ్గా మధ్యలో గుర్తు పెడితే ఎడమ పక్క నిర్లక్ష్యం లేనట్టే."

ఆ మాట తీసేయాలి. నిర్లక్ష్యం అంటే మెదడు దెబ్బతిన్నాక ఒక పక్కనున్నవాటిని మనిషి పట్టించుకోకపోవడం; దాన్ని పరీక్షించడానికే గీతకు మధ్యలో గుర్తు పెట్టమంటారు. మెదడు కుడి పరైటల్ భాగంలో స్ట్రోక్ వచ్చి నిర్లక్ష్యం ఉన్నవారిలో కొందరు గీతకు దాదాపు మధ్యలోనే గుర్తు పెడతారు. గీత ఒక్కటే వస్తువు కాబట్టి వెతకాల్సిన పని తక్కువ. అదే మనిషికి నక్షత్రాల కాగితం ఇవ్వండి. పెద్ద నక్షత్రాలు, అక్షరాలు, మాటల మధ్య నుంచి చిన్న నక్షత్రాలు వెతికి కొట్టేయాలి. మధ్యలోని రెండింటిని చూపించి వదిలేస్తే లెక్కకు 54 మిగులుతాయి, పక్కకు 27. కుడివైపు 27 కొట్టేసి, ఎడమవైపు 17 దగ్గరే "అయిపోయింది" అన్నారనుకోండి. మొత్తం 44 అన్నదానికన్నా, వదిలిన పదీ ఎడమవే కావడం ముఖ్యం.

కాగితం ఛాతీకి ఎదురుగా ఉంచి టేపు అంటించండి. లేకపోతే రోగి దాన్ని కుడివైపుకి లాక్కుంటారు, లోపం దాగిపోతుంది. మీరూ ఎదురుగానే కూర్చోండి.

చూపులో ఎడమ సగం పోయినవారు వేరు. వాళ్లు తల తిప్పి వెతికి పూర్తిచేస్తారు. గీత మీద వాళ్ల గుర్తు కొంచెం ఎడమకు జరుగుతుంది, నిర్లక్ష్యంలో కుడికి.

విశాఖవాసులైతే బీచ్ రోడ్డును తలచుకుని చెప్పమనండి. కైలాసగిరి వైపు నడుస్తుంటే కురుసుర జలాంతర్గామి కుడిపక్క, విమాన మ్యూజియం ఎడమపక్క. హార్బర్ వైపు తిరిగితే తారుమారు. రెండు దిక్కుల్లోనూ అడగాలి. తిరగ్గానే ఇందాక చెప్పినదే మాయమైతే లోపం కంటిది కాదు.