పొంతన కాగితంలో సున్నాలు, వడ్డీ లెక్కలో లక్షలు

మా దగ్గరి బంధువుల అమ్మాయిది కందుకూరు. అశ్విని నక్షత్రం, మేషరాశి. ఒంగోలు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిది జ్యేష్ఠ, వృశ్చికం. పొంతన చూపిస్తే 36కి 18 కూడా రాలేదు. అదే నెలలో కావలి నుంచి వచ్చిన సంబంధానికి 27 వచ్చేసరికి ఇంట్లో అందరి మనసూ అటు మళ్లింది.

ఒంగోలు కాగితం తెప్పించి చూశాను. సున్నాలకు ఎర్ర పెన్నుతో చుట్టలు చుట్టి ఉన్నాయి. అశ్విని, జ్యేష్ఠ రెండూ ఆది నాడి కావడంతో నాడీ కూటంలో 8 పోయాయి. మేషానికి వృశ్చికం ఎనిమిదో రాశి. అది షష్ఠాష్టకం కాబట్టి రాశి కూటంలో 7 పోయాయి. కానీ రెండు రాశులకూ అధిపతి కుజుడే. అధిపతి ఒక్కడే అయితే ఆ దోషం వర్తించదని జాతకాలు చూసేవాళ్లే చెబుతారు. ఇక నాడి సంగతి. 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు నాడులుగా పంచారు. అంటే ఎక్కడైనా మూడు సంబంధాలు చూస్తే దాదాపు ఒకదానికి ఈ 8 పోవాల్సిందే. మన చుట్టూ మూడో కాపురమల్లా పాడైపోవడం నేనైతే చూడలేదు.

కావలి వాళ్ల సంగతి పొంతన కాగితంలో దొరకదు. అబ్బాయి తండ్రి రొయ్యల గుంటలు కౌలుకు తీసుకున్నారు. తెల్లమచ్చ తెగులుకు రెండు పంటలు పోయాయి. 20 లక్షల అప్పు, రెండు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీకే 40 వేలు, అదీ అబ్బాయి జీతంలోంచే. అప్పుండటం తప్పు కాదు, మన వైపు ఆ టెన్షన్ లేని గుంటల రైతు అరుదు. పెళ్లిచూపుల్లో ఆ మాటే ఎత్తకపోవడం తప్పు. మా అమ్మాయి ఒక్కతే కూతురు, తల్లిదండ్రులకు నెలకు పది వేలు పంపాలనుకుంటోంది. ఆ ఇంట్లో అది మొదటి నెలలోనే గొడవవుతుంది. ఆస్తి ఎంతని అందరూ అడుగుతారు. నెలకు వడ్డీ ఎంత, ఎవరి జీతంలోంచి కడుతున్నారు అనేదే అడగాలి.

ఒంగోలు అబ్బాయి హోమ్ లోన్ ఈఎంఐ ఎంతో తనే చెప్పాడు, పది వేల మాటకు సరేనన్నాడు. అయినా నాకు ఒక భయం మిగిలింది. వాళ్లమ్మ నాడీ దోషాన్ని గట్టిగా నమ్ముతారు. రేపు పిల్లలు ఆలస్యమైతే ఆ నింద కోడలి మీదే పడుతుంది. దోషం నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా, అత్తగారి భయం మాత్రం ఇంట్లో నిజంగానే ఉంటుంది. అందుకే తాంబూలాలకు ముందే ఆమెను కూర్చోబెట్టి ఈ మాట ఎత్తాం. శాంతి చేయిద్దామన్నారు, ఒప్పుకున్నాం. అబ్బాయి అక్కడే, ‘‘ఆలస్యమైతే ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్తామమ్మా, తనను ఒక్క మాట అనకూడదు’’ అన్నాడు. తల్లి ముందు ఆ మాట అనలేకపోయి ఉంటే, ఈ సంబంధం వద్దని నేనే చెప్పేవాణ్ని.