విషయం: మన సంఘానికి కొత్త పేరు, మీ ఓటు

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

మన సంఘం పేరు మార్చాల్సిన అవసరం ఏమొచ్చిందని మొన్న మెట్ల దగ్గర ఒక పెద్దాయన నిలదీశారు. లిఫ్ట్ ఆగిపోయింది కాబట్టే ఆయన మెట్ల దగ్గర దొరికారు. అవసరమూ అదే.

మనకూ, పక్క వీధి అపార్ట్‌మెంట్ వాళ్ళకూ సంఘం పేరు ఒక్కటే. మనది రిజిస్టర్ అయిన పేరు. వాళ్ళు రిజిస్టర్ చేయించుకోలేదు గానీ, బోర్డు మాత్రం మనకంటే పెద్దది పెట్టుకున్నారు. చూసేవాళ్ళకు కనిపించేది బోర్డే గానీ సర్టిఫికెట్ కాదు కదా! అందుకే పోయిన నెల మన లిఫ్ట్ ఆగితే మెకానిక్ నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ లిఫ్ట్ బాగానే తిరుగుతోంది. వచ్చినవాడు ఊరికే వెళ్ళకూడదని గ్రీజు పూసి, తలుపు బేరింగులు మార్చి, వాళ్ళ వాచ్‌మన్‌తో సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. బిల్లు మాత్రం తప్పకుండా మనకే వచ్చింది. ఈ లేఖలో పాత పేరు ఎక్కడా రాయలేదు, గమనించండి. రాస్తే ఇది కూడా వాళ్ళకే చేరుతుందేమోనని నా భయం.

పేరు మారుద్దామన్నది బాగానే ఉంది. ఏ పేరు అన్న దగ్గరే తంటా మొదలైంది.

మన జాయింట్ సెక్రటరీ గారు ఉత్సాహవంతులు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టేశారు. ఒకరు ఎన్ని జవాబులైనా ఎంచుకోవచ్చన్న ఆప్షన్‌ను ఆపేయడం మరిచారు. తెల్లారేసరికి 48 ఫ్లాట్లకు 71 ఓట్లు! ఒకాయన నాలుగు పేర్లకూ ఓటేసి, అందరినీ సమానంగా చూడాలన్నది తన సిద్ధాంతమన్నారు. మన బైలాస్‌లో ఫ్లాటుకు ఒక్క ఓటు. ఫోనుకు ఒకటి కాదు, మనిషికి ఒకటీ కాదు. కాబట్టి ఆ పోల్ చెల్లలేదు.

తర్వాత మీటింగ్ పెట్టి కాగితాల మీద ఓటు వేయించాం. 41 ఫ్లాట్లు వచ్చాయి. నాలుగు పేర్లలో ఒకదానికి టిక్ పెట్టాలి. ‘రాయల్ ప్యాలెస్’కు 13, ‘మందారం’కు 11, ‘సంపెంగ’కు 9, ‘జాజి’కి 8 వచ్చాయి. రాయల్ ప్యాలెస్ గెలిచిందని ప్రకటించగానే హాల్లో పదమూడు మంది చప్పట్లు కొట్టారు, ఇరవై ఎనిమిది మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు లిఫ్టుల్లో ఒకటి ఎప్పుడూ పడుకునే భవనాన్ని ప్యాలెస్ అనడానికి వాళ్ళకు మనసొప్పలేదు.

నిజానికి పువ్వు పేరు కావాలన్నవాళ్ళే ఎక్కువ. కానీ వాళ్ళు మూడు పువ్వుల మధ్య చీలిపోయారు. ప్యాలెస్ పక్షం మాత్రం ఒక్క మాట మీద నిలబడింది. ఒకే తరహా పేర్లు మూడు పెట్టి ఒక్క టిక్ పెట్టమంటే ఓట్లు ఇలాగే చీలతాయి. అప్పుడు ఎక్కువమందికి నచ్చని పేరే ముందుకొస్తుంది. ‘ఇంకో రెండు పువ్వులు కూడా పెట్టి ఉంటే మా ప్యాలెస్‌కు ఎదురే ఉండేది కాదు’ అని గెలిచిన పక్షం పెద్దాయన నవ్వుతూ అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది.

అందుకని వరసలు రాయించాం. బాగా నచ్చిన పేరు పక్కన 1, తర్వాత 2, అలా 4 దాకా. ఎవరికీ సగానికి మించి, అంటే 21 ఓట్లు రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చిన పేరును తీసేసి, ఆ చీటీల మీద తర్వాతి ఇష్టం ఏది ఉంటే దానికి కలపాలి. క్లబ్ రూములో ఖాళీగా ఉన్నది క్యారమ్ బోర్డు ఒక్కటే. దాని మీదే నాలుగు కుప్పలు పోశాం. ఎంత లెక్కపెట్టినా 40 చీటీలే తేలాయి. రిగ్గింగ్ అని ఒకరు, కుట్ర అని ఇంకొకరు లేచారు. చివరికి నలభై ఒకటో చీటీ క్యారమ్ బోర్డు పాకెట్ వలలో దొరికింది. నాకు బీపీ ఎంత పెరిగిందో చెప్పను.

మొదటి వరసలు ఇంతకుముందు లాగే వచ్చాయి. జాజి ఇంటికెళ్ళింది. దాని 8 చీటీల్లో 5 మందారానికి, 3 సంపెంగకు చేరాయి. అప్పుడు మందారం 16, రాయల్ ప్యాలెస్ 13, సంపెంగ 12. తర్వాత సంపెంగ లేచింది. దాని 12లో 10 మందారానికీ, 2 ప్యాలెస్‌కూ వెళ్ళాయి. చివరికి మందారం 26, రాయల్ ప్యాలెస్ 15. పదమూడు ఓట్లకే గెలిచేసిన పేరు ఇలా రెండో స్థానంలో కూర్చుంది.

అయితే ఇంతటితో పేరు మారిపోలేదు. ఇప్పటిదాకా తేల్చుకున్నది ఏ పేరు పెడితే బాగుంటుందనే. అసలు పాత పేరు మార్చాలా వద్దా అన్న ప్రశ్న ఏ కాగితం మీదా లేదు. పాత పేరే ముద్దు అనుకునేవాళ్ళు ఎక్కడ టిక్ పెట్టాలి? అందుకే ఈ ఆదివారం ఉదయం 11 గంటలకు సెల్లార్‌లో జరిగే సర్వసభ్య సమావేశంలో ఒక్కటే ప్రశ్న ఉంటుంది: ‘సంఘం పేరును మందారంగా మార్చడం మీకు సమ్మతమేనా?’ అవును, కాదు. మూడో గడి లేదు. ‘చూద్దాం’ అని రాస్తే చీటీ చెల్లదు.

కోరం 24 ఫ్లాట్లు. మన బైలాస్ ప్రకారం పేరు మార్చాలంటే పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. మళ్ళీ 41 మందే వస్తే 28 కావాలి. చివరి లెక్కలో మందారం వైపు నిలిచింది 26. అంటే ప్యాలెస్ పక్షం నుంచి ఇద్దరు పెద్దమనసు చేసుకోవాలి. ఎవరా ఇద్దరని నేను వెతకను. కానీ లిఫ్ట్ బిల్లు నకలును లిఫ్ట్ తలుపు మీదే అంటించాను. అది చదివి రండి.

204 దంపతులకు ప్రత్యేక మనవి. పోయినసారి ఒకే చీటీ మీద అయ్యగారు ఒక చోట, అమ్మగారు ఇంకో చోట టిక్ పెట్టబోయి, మనిషికో సగం చింపుకున్నారు. ఈసారి ఇంట్లోనే తేల్చుకుని రండి. అద్దెకు ఉన్నవాళ్ళు ఓనరు సంతకంతో అనుమతి పత్రం తెస్తే ఆ ఫ్లాటు ఓటు వాళ్ళే వేయొచ్చు.

మూడో అంతస్తు నుంచి ఒక సందేహం వచ్చింది: పేరు మారితే పాత సంఘానికి ఉన్న మెయింటెనెన్స్ బాకీ పోతుందా అని. పోదండీ. పేరు మారినా సంఘం అదే, బాకీలూ అవే. సందేహం ఎవరిదో లెడ్జర్ తెరవగానే తెలిసింది.

తీర్మానం గెలిస్తే మినిట్స్ నకలుతో రిజిస్ట్రార్ ఆఫీసుకు దరఖాస్తు పెడతాం. అక్కడ ఆమోదం వచ్చాకే బ్యాంకు ఖాతా, లిఫ్ట్ కాంట్రాక్టు, కరెంటు కనెక్షన్ ఒక్కొక్కటిగా మార్పిస్తాం. అన్నాళ్ళూ చెక్కులు పాత పేరు మీదే రాయండి. ఉత్సాహంతో ఇప్పుడే మందారం పేరు మీద రాసిన రెండు చెక్కులను బ్యాంకు వెనక్కి పంపింది. రాసినవాళ్ళకు నా అభినందనలు, చెక్కులు రెండూ వచ్చి తీసుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి
(సంఘం పేరు ఆదివారం తర్వాత రాయబడును. రబ్బరు స్టాంపు అప్పటిదాకా చేయించేది లేదు.)