డీఎన్ఎస్ ఎక్కడికీ ‘పాకదు’

“డీఎన్ఎస్ రికార్డు మారిస్తే, ఆ మార్పు ప్రపంచంలోని సర్వర్లన్నిటికీ పాకడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టడం తప్ప మన చేతుల్లో ఏమీ లేదు.”

సైటును కొత్త సర్వర్‌కు మార్చినవాళ్లకు తరచూ వినిపించే మాట ఇది. డీఎన్ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని ఐపీ, అంటే సర్వర్ చిరునామా, చెప్పే వ్యవస్థ. ముందు ఆ ‘పాకడం’ సంగతి. మీ మార్పును ఎవరూ ఎవరికీ పంపరు. రికార్డు అసలు ప్రతి మీ డొమైన్ నేమ్‌సర్వర్లలో ఉంటుంది. మీరు సేవ్ చేశాక అక్కడ మారడానికి మామూలుగా కొన్ని సెకన్లో నిమిషాలో చాలు. మిగతా ప్రపంచానికి ఆ సంగతి తెలియదు. ఎవరైనా సైటు తెరిచినప్పుడు వాళ్ల ఇంటర్నెట్ కంపెనీలో ఈ వెతుకులాట చేసే సర్వర్, అంటే రిజాల్వర్, వచ్చి అడుగుతుంది, జవాబును రికార్డుతోపాటే ఉండే టీటీఎల్ అనే గడువు చెప్పినన్ని సెకన్లు దాచుకుంటుంది. ఆ గడువు తీరేదాకా మళ్లీ అడగదు.

టీటీఎల్ 14400, అంటే నాలుగు గంటలు అనుకోండి. ఉదయం 10 గంటలకు మీరు ఐపీ మార్చారు. ఆఫీసు నెట్ రిజాల్వర్ 9:50కి అడిగి ఉంటే మధ్యాహ్నం 1:50 దాకా పాత ఐపీయే చెబుతుంది. మీ ఫోన్ నెట్‌వర్క్ రిజాల్వర్‌ను నిన్నటి నుంచి ఈ సైటు గురించి ఎవరూ అడగకపోతే 10:01కే కొత్తది వస్తుంది. ఒకే మనిషి, ఒకే టేబుల్, రెండు జవాబులు. ఇంకెంతసేపో కూడా టెర్మినల్‌లో dig కమాండ్‌తో చూడొచ్చు, ఇక్కడ అడుగుతున్నది గూగుల్ రిజాల్వర్ 8.8.8.8ని:

```
dig example.com A @8.8.8.8 +noall +answer
example.com.  8052  IN  A  203.0.113.10
```

ఆ 8052 మిగిలిన సెకన్లు: రెండుంబావు గంటలకు కాస్త తక్కువ.

48 గంటల మాట గాల్లోంచి పుట్టలేదు. `.com` డొమైన్ల జాబితా ఉంచే రిజిస్ట్రీలో నేమ్‌సర్వర్ల రికార్డు టీటీఎల్ 172800 సెకన్లు, సరిగ్గా రెండు రోజులు. కానీ అది నేమ్‌సర్వర్లనే మార్చినప్పటి లెక్క. ఐపీ మార్పుకు దాన్ని అంటగట్టడం తప్పు. నేమ్‌సర్వర్లు మార్చేటప్పుడైనా ఆ రెండు రోజులూ పాత చోట కూడా కొత్త రికార్డులే పెట్టి ఉంచితే, ఎవరు ఎక్కడ అడిగినా సరైన జవాబే దొరుకుతుంది.

ఇక మన చేతుల్లో ఉన్నది. మార్పుకు ముందు రోజే టీటీఎల్‌ను 300కు దించండి. పాత నాలుగు గంటల ప్రతులన్నీ తీరిపోతాయి, మర్నాడు ఐపీ మారిస్తే ఐదు నిమిషాల్లో దాదాపు అందరికీ కొత్తది అందుతుంది. చాలామంది టీటీఎల్‌నూ ఐపీనీ ఒకేసారి మారుస్తారు. అప్పటికే దాచుకున్నవాళ్లకు ఆ 300 కనపడనే కనపడదు కదా!

ఓపిక పట్టమనే సలహాతో అసలు నష్టం వేరే ఉంది. నాకు తెలిసిన ఒకాయన రెండు రోజులు కాచుక్కూర్చున్నారు. నేను రెండు ప్రశ్నలు వేశాను:

```
dig example.com NS +short
dig example.com A @ns1.example.net +short
```

మొదటిది డొమైన్ నేమ్‌సర్వర్లెవరో చెబుతుంది, రెండోది వాళ్లనే నేరుగా అడుగుతుంది. అక్కడే పాత ఐపీ వచ్చింది. ఆయన రికార్డు మార్చింది హోస్టింగ్ ప్యానెల్‌లో. డొమైన్ నేమ్‌సర్వర్లేమో డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ దగ్గర ఉన్నాయి. నెల రోజులు ఆగినా అది మారేది కాదు. సరైన చోట మార్చాక, ఆ రికార్డు టీటీఎల్ గంటే కాబట్టి, గంటలో సైటు అందరికీ తెరుచుకుంది.