గుడ్ మార్నింగ్ సార్, గుడ్ మార్నింగ్ సార్, గుడ్ మార్నింగ్ మేడమ్

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో మన పిల్లలకు అన్నీ నేర్పారు, తలుపు తెరుచుకుని ఒక గదిలోకి వెళ్లడం తప్ప. ఆ లోటు తీర్చే బాధ్యతను మేనమామలు తీసుకున్నారు. ఇంటర్వ్యూకు వెళ్లి ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లే ఇందుకు అర్హులు.

మనవాడు గాజువాకలో బస్సెక్కి, ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో ఉడికి, రుషికొండ చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కుడిచేతిలో ఫైలు. అందులో పదో తరగతి మార్కుల నుంచి వ్యాసరచన పోటీలో కన్సొలేషన్ బహుమతి దాకా అన్నీ ఉన్నాయి. లోపల ఏసీ గదిలో ముగ్గురు పెద్దలు.

‘మే ఐ కమిన్ సార్’ అన్నాడు. జవాబు వచ్చేలోపే సగం మనిషి లోపల ఉన్నాడు. వెంటనే హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరికీ విడిగా గుడ్ మార్నింగ్. మూడోవారి వంతు వచ్చేసరికి మొదటాయన రెజ్యూమెలో తల దూర్చేశాడు. ఒక్కసారి అని, ముగ్గురి మీదా చూపు తిప్పితే చాలు. కానీ మర్యాద తక్కువైతే మావయ్య ఊరుకుంటాడా? పైగా టైము పన్నెండున్నర. ప్రాక్టీసు చేసింది మార్నింగ్ కాబట్టి మార్నింగే.

ఇంతలో మధ్యలో ఉన్నాయన చెయ్యి చాచాడు. అసలు చాచాల్సింది ఆయనే. ఆయన చాచకపోతే టేబులు మీదుగా వంగి మరీ మనం అందుకోకూడదు, చిన్నగా తల పంకిస్తే సరి. మనవాడు ఫైలును కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చబోయాడు. వ్యాసరచన సర్టిఫికెట్ జారి కింద పడింది. వంగి తీసుకుని లేచేసరికి ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, పాపం. చివరికి కలిపారు. పెద్దాయన ఆ చేతిని టేబులు కింద ప్యాంటుకు తుడుచుకోవడం మేడమ్ చూసింది.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 98 మంది విద్యార్థులతో నమూనా ఇంటర్వ్యూలు జరిపి, 2008లో ఫలితాలు ప్రచురించారు. కరచాలనం బాగున్నవాళ్లనే ఉద్యోగానికి ఎక్కువగా సిఫారసు చేసినట్టు తేలింది. పట్టు, ఊపు, కళ్లలోకి చూడటం, అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. మే నెలలో విశాఖ ఉక్కను మాత్రం తీసుకోలేదు. ఆ పరిశోధన మన బీచ్ రోడ్డులో చేసి ఉంటే ఫలితాలు కాగితం మీదే జారిపోయేవి.

నిజానికి పది నిమిషాల ముందు చేరి, చేతులు కడుక్కుని, రుమాలుతో తుడుచుకుని, తలుపు తట్టకముందే ఫైలు ఎడమచేతిలోకి మార్చుకుంటే ఇదంతా ఉండదు. ఎదుటివాళ్లు నమస్కారం పెడితే మాత్రం రెండు చేతులూ కావాలి. అప్పుడు ఫైలును చంకలో పెట్టుకోవచ్చు, సిగ్గుపడక్కర్లేదు. దీనికి ఫీజు లేదు కాబట్టి ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు.

సాయంత్రం మావయ్య ఫోన్ చేశాడు. “ముగ్గురికీ చెప్పావా?”

“చెప్పాను మావయ్యా, విడివిడిగా.”

“అయితే వచ్చేసినట్టే. స్వీట్లు ఆర్డరిచ్చెయ్.”