సాఫ్ట్‌వేర్ ఖర్చు ఏ రోజు నుంచి ఆస్తి అవుతుంది?

సొంత మనుషులతో సాఫ్ట్‌వేర్ రాయించుకున్న కంపెనీలో ఏడాది చివర మొదటి ప్రశ్న ఒకటే. పెట్టిన డబ్బు బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా నిలవాలా, లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా పోవాలా? చాలామంది దీన్ని ఖర్చు రకాన్ని బట్టి తేల్చబోతారు. జీతాలు ఇటు, సర్వర్ అటు, కన్సల్టెంట్ ఫీజు ఇంకోవైపు అని పంచుతారు. అక్కడే దారి తప్పుతుంది. రకం కంటే ముందు తేల్చాల్సింది తేదీ. ఒకే ప్రోగ్రామర్‌కు ఇచ్చిన ఒకే జీతం జూలైలో ఖర్చు, సెప్టెంబరులో ఆస్తి, మళ్లీ ఫిబ్రవరిలో ఖర్చు కావచ్చు.

గుంటూరు చుట్టుపక్కల నాలుగు మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. ఏ రైతు టిక్కీలు ఏ ఛాంబర్‌లో ఏ వరుసలో ఉన్నాయి, వాటిలో ఏవి బ్యాంకు అప్పుకు తాకట్టులో ఉన్నాయి, విడుదల చేసేటప్పుడు అద్దె ఎంత కట్టాలి అనేవన్నీ చూసే సాఫ్ట్‌వేర్‌ను సొంత టీమ్‌తో తయారు చేయించుకుంది. ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాల పరిధిలోకి వచ్చేంత పెద్ద కంపెనీ కాదు కాబట్టి దీనికి వర్తించేది, చేత్తో తాకలేని ఆస్తుల లెక్క చెప్పే ప్రమాణం ఏఎస్ 26. 2024-25లో ఈ పని కింద అకౌంటెంట్ పోగుచేసిన మొత్తం 39.5 లక్షలు. కొత్త సీజన్ రుణం కోసం బ్యాంకుకు లెక్కలు చూపించాలి గనుక అంతా ఆస్తిగానే ఉంచమని యజమాని అంటాడు. ఆ కోరిక అర్థం చేసుకోదగ్గదే. లెక్క మాత్రం దానికి ఒప్పుకోదు.

ఏఎస్ 26 ఇలాంటి పనిని రెండు దశలుగా చూస్తుంది: పరిశోధన, అభివృద్ధి. ఏం కావాలో తేల్చుకోవడం, బజార్లో దొరికే రెడీమేడ్ ప్యాకేజీలతో పోల్చడం, తేమ పట్టిన గోనె మీద క్యూఆర్ లేబుల్ నిలుస్తుందా అని చూడటం, కన్సల్టెంట్‌ను ఎంచుకోవడం పరిశోధన దశలోకి వస్తాయి. ఆ దశలో పెట్టిన ప్రతి రూపాయీ ఖర్చే. మన కంపెనీలో ఏప్రిల్ నుంచి జూలై దాకా ఈ పనికి జీతాల కింద 5 లక్షలు, కన్సల్టెంట్‌కు 2 లక్షలు అయ్యాయి. ప్రాజెక్టు తర్వాత ఎంత బాగా నడిచినా ఈ 7 లక్షలు వెనక్కి వచ్చి ఆస్తిలో చేరవు. రెండు దశలనూ విడదీసి చూపలేకపోతే మొత్తం పరిశోధన కిందే లెక్కగట్టాలని కూడా ప్రమాణం చెబుతుంది. అంటే కాగితాలు లేని కంపెనీకి దక్కే ఆస్తి సున్నా.

అభివృద్ధి దశ మొదలైనంత మాత్రాన కూడా ఆస్తి పుట్టదు. ఆరు విషయాలు ఒకేసారి నిలబడాలి: సాంకేతికంగా పూర్తి చేయగలమన్న రుజువు, పూర్తి చేసి వాడుకోవాలన్న ఉద్దేశం, వాడుకునే సామర్థ్యం, దానివల్ల వచ్చే ప్రయోజనం, పూర్తి చేయడానికి డబ్బూ మనుషులూ, ఖర్చును నమ్మదగ్గట్టు కొలిచే ఏర్పాటు. ఆఖరి షరతు నెరవేరిన రోజే గీత. మన కంపెనీలో అది 2024 ఆగస్టు 1. ఆ రోజు బోర్డు మినిట్స్‌లో ప్రాజెక్టుకు ఆమోదం, బడ్జెట్ రాశారు. నమూనా ప్రోగ్రాం ఒక ఛాంబర్‌లో పనిచేసిందని టీమ్ లీడ్ రెండు పేజీల నోట్ జతచేశాడు. అమ్మకానికి కాదు, సొంత వాడకానికి కాబట్టి ప్రయోజనం అంటే ఆదా: బిల్లింగ్‌కు పట్టే గుమస్తాల గంటలు, తప్పిపోయిన లాట్లకు రైతులకు కట్టే పరిహారం ఎంత తగ్గుతాయో ఒక పేజీ అంచనా వేశారు. టైమ్‌షీట్లు కూడా ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

ఎక్కువ చోట్ల చెడేది ఈ ఆఖరి సంగతి దగ్గరే. ఆరు నెలలు ఎవరూ టైమ్‌షీట్ నింపరు. మార్చిలో ఆడిటర్ అడిగేసరికి ఒకరు కూర్చుని అందరివీ ఒకే సాయంత్రం నింపేస్తారు. ప్రతి మనిషికీ ప్రతి రోజూ ఎనిమిది గంటలు, అన్నీ ఒకే ప్రాజెక్టు మీద, దసరా సెలవు రోజుతో సహా. అలాంటి షీట్ అబద్ధమని పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. కోడ్ దాచే రిపాజిటరీలో ఎవరు ఏ రోజు ఏం రాశారో ఉంటుంది:

```
git log --since="2024-08-01 00:00:00" --until="2025-01-31 23:59:59" --date=short --pretty="%ad %an %s"
```

దీనితో వచ్చిన వరుసలను టైమ్‌షీట్ పక్కన పెడితే చాలు. అక్టోబరు మూడో వారమంతా కొత్త సాఫ్ట్‌వేర్ మీద పని చేశానన్న మనిషి, ఆ వారంలో పాత బిల్లింగ్ ప్రోగ్రాం తప్పులే దిద్దాడని బయటపడుతుంది. కమిట్, అంటే రిపాజిటరీలోకి ఎక్కించిన కోడ్, లేనంత మాత్రాన పని చేయలేదని కాదు. డిజైన్, టెస్టింగ్ అక్కడ కనిపించవు. కానీ రెండూ నెలల తరబడి పొసగకపోతే ఖర్చును నమ్మదగ్గట్టు కొలిచామన్న మాటే నిలవదు. ఆ షరతు పడిపోతే మిగిలిన అయిదూ ఉన్నా లాభం లేదు. వారానికొకసారి, ఏ పనో తెలిపే టికెట్ నంబరు వేసి, టీమ్ లీడ్ సంతకంతో ఉన్న సాదా ఎక్సెల్ షీట్ సరిపోతుంది.

ఇక గీతకు ఇవతల, ఆగస్టు నుంచి జనవరి దాకా అయిదుగురి టీమ్‌కు పీఎఫ్‌తో కలిపి నెలకు 4 లక్షల చొప్పున 24 లక్షలు. టైమ్‌షీట్ల ప్రకారం ఇందులో 80 శాతం కొత్త సాఫ్ట్‌వేర్‌ది, అంటే 19.2 లక్షలు. మిగిలిన 4.8 లక్షలు పాత ప్రోగ్రాం నిర్వహణది, అది మామూలు ఖర్చు. అయితే ఈ 19.2 లోనూ ఒక చిక్కుంది. కాటాను అనుసంధానించే మాడ్యూల్‌ను తప్పు మోడల్ కోసం రాసి, మొత్తం పారేసి, మళ్లీ రాశారు. పారేసిన పనికి పట్టిన 1.6 లక్షలు స్పష్టంగా గుర్తించగలిగిన వృథా. అది ఆస్తిలోకి రాదు. టెస్టింగ్‌లో దొరికిన తప్పులను దిద్దడం మాత్రం వృథా కాదు, అది తయారీలో భాగమే. ఈ రెంటికీ తేడా టికెట్‌లో కనిపించాలి. లేకపోతే ఏడాది చివర ఎవరికీ గుర్తుండదు.

జీతాల్లో నిలిచిన 17.6 లక్షలకు బయటి డిజైనర్, టెస్టర్ ఫీజు 3 లక్షలు, తయారీకీ టెస్టింగ్‌కూ వాడిన క్లౌడ్ సర్వర్ 60 వేలు, ఆ ఆరు నెలలకు టీమ్ ల్యాప్‌టాప్‌ల తరుగుదల 30 వేలు కలిపితే 21.5 లక్షలు. ఆస్తి ఇంతే. గేటు దగ్గర స్కాన్ చేసే చేతి యంత్రాలకు పెట్టిన 2.4 లక్షలు కూడా ఆస్తే గానీ సాఫ్ట్‌వేర్ కాదు, ఏఎస్ 10 కింద పరికరాల్లోకి పోతాయి. గుమస్తాలకు శిక్షణ, పాత రిజిస్టర్లను ఎక్కించిన కూలి కలిపి 2.2 లక్షలు ఖర్చు. ఎండీ జీతంలో కొంత భాగం వేయమని అడుగుతారు. ఆయన వారానికో సమావేశంలో కూర్చున్నంత మాత్రాన అది ఈ సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చు అయిపోదు. ఆఫీసు అద్దె విషయంలో ఏఎస్ 26 కొంత ఉదారంగా ఉంటుంది: తయారీకి అవసరమైనదై, సబబైన లెక్కతో ఏటా ఒకేలా పంచగలిగితే చేర్చవచ్చు. ఇండ్ ఏఎస్ 38 ఆ వెసులుబాటు ఇవ్వదు, నేరుగా ఆ పనికే అయిందని చూపాలి. మన కంపెనీ టీమ్ కూర్చున్నది ఎప్పటినుంచో ఉన్న హెడ్ ఆఫీసు మూల గదిలో. సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఆ అద్దె కట్టేవారు. అందుకే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

ఆ విధంగా 39.5 లక్షల్లో 21.5 సాఫ్ట్‌వేర్, 2.4 పరికరాలు, 15.6 ఈ ఏడాది ఖర్చు. యజమానికి ఈ చివరి అంకె నచ్చదు. మరోవైపు, తలనొప్పి ఎందుకని 37.1 లక్షలూ ఖర్చు రాసేసే అకౌంటెంట్లూ ఉన్నారు. జాగ్రత్తగా ఉన్నామనుకుంటారు గానీ అదీ తప్పే. ఆరు షరతులూ నెరవేరాక ఆస్తిగా చూపడం కంపెనీ ఇష్టం కాదు, ప్రమాణం పెట్టిన విధి. లాభం బాగున్న ఏడాది ఖర్చు రాసి, తగ్గిన ఏడాది ఆస్తి చేస్తే రెండేళ్ల లెక్కలూ పోల్చడానికి పనికిరావు. ఒకసారి ఖర్చు రాసి ఆ ఏడాది లెక్కలు ముగించాక, తర్వాత దాన్ని ఆస్తిలోకి లాగే వీలు కూడా లేదు.

రెండో గీత ముగింపు తేదీ. దీన్ని మొదటిదాని కంటే నిర్లక్ష్యంగా గీస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్దేశించిన పనికి సిద్ధమైన రోజు ఆస్తి పెరగడం ఆగి, దాని విలువను జీవితకాలం మీద పంచి ఏటా కొంత ఖర్చు రాసే అమార్టైజేషన్ మొదలవుతుంది. మన కంపెనీలో మొదటి కోల్డ్ స్టోరేజీలో సరుకు దిగడం మొదలైన 2025 ఫిబ్రవరి 1 ఆ రోజు. మిగతా మూడింటిలో ఇంకా పెట్టలేదు కదా, అక్కడ కూడా పూర్తయ్యాక చూద్దాం అనే వాదన వినిపిస్తుంది. నాలుగు చోట్లా నడిచేది అదే ప్రోగ్రాం, అది ఇప్పటికే సిద్ధంగా ఉంది. మిగతా చోట్ల పెట్టడం వాడకం విస్తరించడమే, తయారీ కాదు. ఇక్కడి నుంచి ‘బగ్’ అని రాసిన టికెట్ ఖర్చు. జనవరి 20న అదే రకం టికెట్ ఆస్తిలో ఉండేది. సర్వర్ బిల్లు కూడా అంతే.

సాఫ్ట్‌వేర్ త్వరగా పాతబడుతుంది కాబట్టి దాని జీవితకాలం మూడు నుంచి అయిదేళ్లు ఉండొచ్చని ఏఎస్ 26 అనుబంధం చెబుతుంది. అయిదేళ్లు తీసుకుంటే ఏడాదికి 4.3 లక్షలు, ఫిబ్రవరి, మార్చి రెండు నెలలకు 71,667 రూపాయలు. ఒకవేళ మార్చి 31కి పని పూర్తి కాకుంటే ఆ మొత్తం ‘తయారీలో ఉన్న ఇన్‌టాంజిబుల్ ఆస్తులు’ అనే విడి వరుసలో కనిపించాలి. అది ఎన్నేళ్లుగా అక్కడ ఉందో కంపెనీల చట్టం షెడ్యూల్ 3 పట్టికలో చూపించాలి. వాడకానికి రాని ఆస్తి విలువ తగ్గిందా అని ఏటా పరీక్షించాలి కూడా. ఆగిపోయిన ప్రాజెక్టులు ఆ పట్టికలోనే ఆడిటర్ కంట పడతాయి. రెండేళ్లు దాటిన వరుసలో మొత్తం కదలకుండా ఉండి, రిపాజిటరీలో కొత్త కమిట్లు లేకపోతే, దాన్ని ఇంకా ఆస్తి అనడానికి ఆధారం మిగలదు.

తర్వాతి మార్పులకూ ఇదే కొలత. జీఎస్టీ రిటర్న్ ఫార్మాట్ మారిందని బిల్లు ప్రింటు దిద్దడం నిర్వహణే, ఎన్ని రోజులు పట్టినా ఖర్చే. రైతు తన టిక్కీల నిల్వను ఫోన్లో చూసుకునే కొత్త యాప్ చేయిస్తే, అది మొదట అనుకున్న దానికి మించిన ప్రయోజనం. దానికి మళ్లీ విడిగా నోట్, బడ్జెట్, బోర్డు ఆమోదం, టైమ్‌షీట్ కోడ్ కావాలి. పాత ఆమోదం దీనికి వర్తించదు.

ఆదాయపు పన్ను లెక్క వేరు. పుస్తకాల్లో ఎలా రాశామన్నది పన్ను విషయంలో నిర్ణాయకం కాదని 1971లో కేదార్‌నాథ్ జూట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నుకు సాఫ్ట్‌వేర్ మీద తరుగుదల 40 శాతం, ఆ ఏడాది 180 రోజుల లోపే వాడితే అందులో సగం. మన కంపెనీకి 2024-25లో పన్ను లెక్కలో 4.3 లక్షలు పోతాయి, పుస్తకాల్లో 71,667 మాత్రమే. ఈ తేడా మీద ఏఎస్ 22 ప్రకారం డిఫర్డ్ టాక్స్, అంటే ముందు ముందు కట్టాల్సి వచ్చే పన్ను, రాయాలి.