ఎనిమిదా, బీనా?

ఉద్యోగం విజయవాడ నుంచి బెంగళూరుకు మారింది. మేమూ మారాం, గ్యాస్ కనెక్షనూ మారింది, పిల్లాడి స్కూలూ మారింది. కారు ముందూ వెనకా ఉన్న ఏపీ 39 మాత్రం అలాగే ఉండిపోయింది. బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబర్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. మా ఇంట్లో ఆ సెక్షన్ గురించి రోజూ పొద్దున్నే చెబుతారు.

బండి వేరే రాష్ట్రానికి వెళ్ళడానికి అభ్యంతరం లేదని పాత ఆఫీసు ఇచ్చే కాగితం ఎన్‌ఓసీ. విజయవాడలో ఆ పని మా బావమరిది చూశాడు. "ఏముంది బావా, అంతా ఆన్‌లైనే" అన్నాడు. ఆ ఆన్‌లైన్ పనికి ఫారం 28 ప్రింట్లు తీసి, సంతకాలు పెట్టి కొరియర్ చేశాను. కారు లోను తీరినట్టు బ్యాంకు కాగితం పంపాను. ఎప్పుడో బెంజ్ సర్కిల్ దగ్గర పడ్డ చలానాలు, అవి పడ్డాయని నాకప్పుడే తెలిసింది, వాటినీ కట్టాను. బండి దొంగసొత్తు కాదని పోలీసు రికార్డు చూసుకున్నాక ఎన్‌ఓసీ ఇచ్చారు. అందులో ఏ ఆర్టీవో ఆఫీసుకి వెళ్తున్నామో కూడా పేరు పెట్టి రాస్తారు. ఊరు బెంగళూరే కదా, ఏదో ఒక ఆఫీసులే అనుకుంటే కుదరదు. మేం ఉండే ఏరియా ఆఫీసు పేరే ఉండాలి, ఉంది. అక్కడిదాకా అంతా సవ్యమే.

ఇక్కడ కొత్త నంబర్ కోసం ఫారం 27 నింపి, ఫీజు కట్టి, కారుతో సహా ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన కాగితాలన్నీ తిరగేసి ఒకచోట ఆగాడు. అది ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్. కారు బాడీ మీద చెక్కిన పదిహేడు అక్షరాల మీద పెన్సిల్ రుద్ది, దాన్ని టేపుకి ఎక్కించి ఫారం మీద అతికిస్తారు. ఎన్‌ఓసీలో ఉన్న కారూ, ఆవరణలో నిలబెట్టిన కారూ ఒకటేనని చెప్పే సాక్ష్యం అదే. మా సర్వీస్ సెంటర్ కుర్రాడు తీసిచ్చింది.

"ఇది ఎనిమిదా, బీనా?" అన్నాడాయన, చివర్నుంచి రెండో దాని మీద పెన్ను ఆనించి.

చూశాను. ఎడమ పక్క కాస్త నలుపు పట్టి, నిజంగానే బీలా ఉంది. చెక్కిన గాడిలో మట్టి ఉంటే రుద్దినప్పుడు అంచులు అలా కలిసిపోతాయి. అయితే నాకు కాస్త చదువుంది కదా, ఊరుకోలేదు. "సార్, మన దేశపు కార్ల నంబర్ ఎమ్ అనే అక్షరంతో మొదలవుతుంది, చివర వచ్చేది బండి వరుస సంఖ్య, అక్కడ అంకెలే ఉంటాయి. అసలు ఒకటితో, సున్నాతో గందరగోళం రాకూడదనే ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ వాడరు" అన్నాను.

"మరి బీ వాడతారా?"

"వాడతారు. కానీ అక్కడ కాదు."

"అక్కడ కాదని ఎక్కడ రాసుంది?"

నా వెనక క్యూలో ఒక పెద్దాయన, మదనపల్లె వైపు ఆయనట, "తీసిచ్చేయ్ నాయనా, వాదిస్తే లంచ్ టైమవుతుంది" అన్నాడు. తీసివ్వడానికే బయల్దేరాను.

మా కారు ఛాసిస్ నంబర్ ముందు ఎడమ సీటు కింద, నేల మీద, కార్పెట్‌లో కోసిన ఒక చిన్న రెక్క కింద ఉంటుంది. ఆ డిజైన్ చేసిన ఇంజనీరు ఎవరో గానీ జీవితంలో ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కి ఉండడు. సీటుని వెనక్కి తోసి, తలుపు బార్లా తీసి, మోకాళ్ళు తారురోడ్డు మీద ఆనించి, తలకాయ సీటు కిందకి పెట్టాలి. పెట్టాను. బయట ప్రపంచానికి నా నడుం నుంచి కింది భాగమే మిగిలింది.

లోపల ఇంకో ప్రపంచం ఉంది. మా ఆవిడ పోయిందనుకుని పనమ్మాయిని అనుమానించిన జడ క్లిప్పు, పాత టోల్ రసీదులు, పలమనేరులో కొన్న జంతికల్లో సగం ముక్క. ఆ ముక్కకి రాష్ట్రం దాటినా ఎన్‌ఓసీ అక్కర్లేదు, హాయిగా పడుంది. రెక్క ఎత్తి గుడ్డతో తుడిచాను. పెన్సిల్ రుద్దాను. పాత టేపు కోసం చేయి వెనక్కి చాపాను, టేపు దొర్లి ఇంకా లోపలికి పోయింది. దాని వెంట నేనూ కొంచెం లోపలికి పోయాను. అప్పుడే చొక్కా కాలరు సీటు కింది రైలుకి తగులుకుంది.

ముందుకి రావడం లేదు, వెనక్కీ రావడం లేదు. జేబులో ఫోను మోగుతోంది. ఆ కాసేపట్లో నేను ఆలోచించింది పన్ను గురించి. విజయవాడలో కారు కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టేశాను. ఇప్పుడు కర్ణాటకకీ కట్టాలి. కొన్నప్పటి ఇన్వాయిస్ చూసి, బండి వయసును బట్టి కొంత తగ్గించి లెక్కేస్తారు. అక్కడ మిగిలిన ఏళ్ళ పన్ను వెనక్కి అడగొచ్చుగానీ, ఇక్కడ డబ్బు కట్టి, కొత్త ఆర్సీ చేతికొచ్చాక, దాన్ని తీసుకెళ్ళి అక్కడ చూపించి అడగాలి. అంటే కొన్నాళ్ళపాటు నేను రెండు రాష్ట్రాలకీ పెద్దకొడుకుని. పన్నెత్తి అడగడానికి మా పాత ఆఫీసులో ఎవరి ముందు నిలబడాలో బావమరిదిని అడిగితే, "అదీ ఆన్‌లైనే బావా" అన్నాడు.

"అన్నా, బతికున్నావా?" అని బయట్నుంచి గొంతు. పొద్దున్న గేటు దగ్గర వెయ్యి రూపాయలకి అంతా చూసుకుంటానని వెంటపడితే నేను చట్టం, పౌరుడు అంటూ పంపించేసిన ఏజెంటు కుర్రాడు. కాలరు విడిపించి, నడుం పట్టి బయటకి లాగాడు. లేచేసరికి ఎల్ బోర్డు టెస్టుకొచ్చిన అమ్మాయిలూ, స్కూటర్ల వాళ్ళూ, మదనపల్లె పెద్దాయనా చుట్టూ ఉన్నారు. ఎవరో వీడియో కూడా తీసినట్టున్నారు.

కుర్రాడు నా చేతిలో పెన్సిల్ చూసి నాలుక చప్పరించాడు. "హెచ్‌బీతో గీకితే గాట్లే పడతాయన్నా, ప్రింటు రాదు. మెత్తటి ములుకు కావాల. ముందు గాట్లో మట్టి తీయాల" అని జేబులోంచి పాత టూత్‌బ్రష్షూ, 4బీ పెన్సిలూ, వెడల్పాటి టేపూ తీశాడు. ములుకుని పడుకోబెట్టి పైపైన రుద్దాడు. చెక్కిన గాడులు మిగిలి, చుట్టూ నల్లగా తేలింది. టేపు వేసి, గోరుతో ఒత్తి, ఒక్క లాగుడు. పదిహేడూ తెల్లగా, పెళ్ళి శుభలేఖలా వచ్చాయి. ఎనిమిదికి నడుం కనిపిస్తోంది. ఇంత చేసి డబ్బులు తీసుకోలేదు. ఆ జాలి చూపుకన్నా వెయ్యి రూపాయలే నయం.

దుమ్ము దులుపుకుని కౌంటర్‌కి వెళ్ళాను. చేయి పెట్టి మరీ చూపించాను, ఇదిగో సార్ ఎనిమిది, అని. ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, ఫారం వైపు చూడకుండానే కాగితాలన్నీ సర్ది, స్టాప్లర్ అందుకుని, సరిగ్గా ఆ ఎనిమిది మీదే పిన్ను కొట్టాడు.